తెర మీది తెలుగు, చెవికి అందే తెలుగు



మన కోరాపుట్, రాయగడ జిల్లాలలో తెలుగు చెప్పే ఉపాధ్యాయులు ఒకచోట చేరాలంటే ఘాట్ రోడ్డు మీద పూట గడిచిపోతుంది. 2020లో బడులు మూతపడినప్పటి నుండి మేము కొన్ని సమావేశాలను జూమ్‌లోనే జరుపుకొంటున్నాము. రాయగడ వైపు నుండి పాల్గొనే ఒక ఉపాధ్యాయునికి చూపు లేదు. ఆయన మాతో ఎలా మాట్లాడతారో, ఆయన దారి ఎక్కడ మూసుకుపోతుందో మీకు వివరిస్తాను. మీ బడిలోనో, మీ ఇంటిలోనో అటువంటివారు ఉంటే ఇది పనికివస్తుంది.

ఆయన కంప్యూటర్‌లో ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ఉంది. తెర మీది అక్షరాలను చదివి వినిపించే ఉచిత సాధనమిది. చూపులేని ఆస్ట్రేలియా యువకుడు మైకేల్ కరన్ 2006లో దీనిని ప్రారంభించాడు. దానితో వచ్చే గొంతులలో తెలుగు కూడా ఉంది. కాస్త యంత్రంలా పలికినా ఒత్తులు, దీర్ఘాలు తెలుస్తాయి. మౌస్ బాణం ఎక్కడుందో కనబడదు గనుక ఆయన పని అంతా కీబోర్డు మీదనే.

జూమ్‌లో ఆయనకు ముఖ్యమైన మీటలు కొన్నే. మైకు తెరవడానికి, మూయడానికి Alt+A. చేయి ఎత్తడానికి, దించడానికి Alt+Y. చాట్ కోసం Alt+H. ఎవరెవరు ఉన్నారో చూపే పట్టిక కోసం Alt+U. మైకు తెరుచుకున్నదీ, మూసుకున్నదీ స్క్రీన్ రీడర్ పలికి చెబుతుంది. అయితే ఒక చిక్కు ఉంది. ఆయన వేరే ఫైలు చదువుతూ ఉంటే Alt+A మామూలుగా పనిచేయదు, ఎందుకంటే అప్పుడు ఆ మీట జూమ్‌కు చేరదు. ముందు Alt+Tab తో జూమ్‌కు తిరిగి రావాలి. లేదా జూమ్ సెట్టింగ్స్‌లోని Keyboard Shortcuts లో ఆ మీట ఎదుట ఉన్న Enable Global Shortcut గడిలో ఒకసారి టిక్ పెట్టుకోవాలి. ఆయనను పిలిచిన తరువాత మూడు నాలుగు క్షణాలు నిశ్శబ్దం వస్తే, ఆయన ఈ దారిలో ఉన్నారని గ్రహించి ఆగండి.

రెండవ చిక్కు చెవిది. మన మాట, యంత్రం మాట రెండూ ఒకే చెవిలో పడతాయి. చాట్‌లో ఎవరైనా “నమస్తే” అని వ్రాసిన ప్రతిసారీ యంత్రం ఆ సంగతి చెబుతూ, మాట్లాడేవారి వాక్యాన్ని మింగేస్తుంది. Ctrl నొక్కితే ఆ పలుకు ఆగుతుంది. జూమ్ సెట్టింగ్స్‌లో Accessibility విభాగంలో ఇటువంటి ప్రకటనలను ఎంచి ఆపివేయవచ్చు. చెవిలో హెడ్‌ఫోన్ తప్పనిసరి. స్పీకరు పెడితే యంత్రం గొంతు మైకులో పడి అందరికీ వినిపిస్తుంది.

ఇవన్నీ ఆయన తనంతట తాను దాటగలిగినవి. ఆయన చేతిలో లేనిది మరొకటి ఉంది. ఒక సమావేశంలో ప్రశ్నపత్రాన్ని సరిచూస్తున్నాము. నిర్వాహకులు దానిని తెర మీద పంచారు. “ఇక్కడ ఈ మాట మార్చుదాం”, “దీని కింద ఇంకొకటి వేద్దాం” అని చర్చ సాగింది. ఆయన మౌనంగా ఉండిపోయారు. కారణం అడగగా, “నా యంత్రానికి అక్కడ అక్షరమే లేదండీ” అన్నారు. నిజమే. పంచిన తెర మన కంప్యూటర్‌కు చేరేది బొమ్మగానే, వీడియో రూపంలోనే. స్క్రీన్ రీడర్ బొమ్మలోని అక్షరాలను మామూలుగా చదవలేదు. ఆయన పేరు హాజరు పట్టికలో ఉంది గాని, ప్రశ్నపత్రం మీద ఆయన అభిప్రాయానికి తావు లేకపోయింది.

వెంటనే ఆ ఫైలును ఆయనకు పంపారు. అదీ పలకలేదు! అర్థం లేని ఆంగ్ల అక్షరాలు, గుర్తులు వినిపించాయి. ఆ పత్రం అను ఫాంటులో కూర్చినది. పాత అను ఫాంటులలో లోపల దాగి ఉండేది ఆంగ్ల అక్షరాలూ, గుర్తులే; ఫాంటు వాటికి తెలుగు రూపం తొడుగుతుంది. కంటికి తెలుగు, యంత్రానికి గజిబిజి. పరీక్ష సులభం. ఒక వాక్యాన్ని నకలు తీసి నోట్‌పాడ్‌లో అతికించండి. తెలుగుగానే నిలిస్తే అది యూనికోడ్, చెవికి అందుతుంది. పిచ్చి గుర్తులుగా మారితే అందదు. స్కాన్ చేసిన పుటలో అక్షరాలను ఎంచుకోవడానికే వీలుండదు గనుక అదీ అందదు.

ఆ పత్రాన్ని మార్పిడి సాధనంతో యూనికోడ్‌లోకి తెచ్చి, చెదిరిన ఒత్తులను చేతితో దిద్ది, మరుసటి సమావేశానికి ముందురోజే ఆయనకు పంపాము. ప్రతి ప్రశ్నకు వరుస సంఖ్య ఉంచాము. చర్చలో “ఇక్కడ” అనడం మాని “ఏడవ ప్రశ్న, రెండవ వాక్యం” అని చెప్పుకొన్నాము. ఆనాడు మొదట చేయి ఎత్తినది ఆయనే. ఒకే సామెతను మూడవ ప్రశ్నలోనూ, పదకొండవ ప్రశ్నలోనూ అడిగామని చెప్పారు. కళ్ళున్న మేమెవ్వరం అది గమనించలేదు.

కనుక మీరు సమావేశం పిలిచేటప్పుడు లంకెతో పాటు యూనికోడ్ పత్రాన్ని కూడా ముందురోజే పంపండి. తెర మీద ఏదైనా పంచితే, పంచినవారే దానిని పైకి చదవాలి.