నలభై అయిదు సెకన్లలో పదిహేను

సంతోష్‌నగర్‌లో ఐఎస్ సదన్ చౌరస్తా దాటి ఓ గల్లీలోకి మళ్లాను. మేడ కింది వాటాలో తల్లీకొడుకులు సేంద్రియ టీ ప్యాకెట్లు కడుతున్నారు. ఆకు నీలగిరి నుంచి సంచుల్లో వస్తుంది. నేను వెళ్లేసరికి ఇద్దరూ ఓ కాగితం మీద వంగి ఉన్నారు. వంటల వీడియోలు చేసే ఒకమ్మాయితో రీల్ చేయించాలట. ఆమెకు పంపే బ్రీఫ్ అది.

కొడుకు డైలాగులతో సహా రాసేశాడు. 'ఈ టీతో షుగర్ తగ్గుతుంది' అన్న లైన్ దగ్గర తల్లి పెన్ను ఆగింది. "మనం పరీక్ష చేయించినమారా? ఆ పిల్లతో ఎట్ల చెప్పిస్తవ్?" అని కొట్టేసింది. మంచి పని చేసింది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, తప్పుదోవ పట్టించే ప్రకటనకు 10 లక్షల దాకా జరిమానా పడొచ్చు. సరిచూసుకోకుండా చెప్పిన మనిషికీ ఆ జరిమానా పడొచ్చు. ఆ లైన్ స్థానంలో తోట పేరు, 'సేంద్రియ పద్ధతిలో పండించినది' అన్న మాట, ప్యాకెట్ మీది జైవిక్ భారత్ గుర్తును దగ్గరగా చూపించమన్న సూచన చేరాయి.

'ఒక ప్రమోషన్' అని రాసినచోటే తర్వాత గొడవలు మొదలవుతాయి. అందుకని విడమరిచి రాశారు: 45 సెకన్ల రీల్ ఒకటి, మర్నాడు స్టోరీలు రెండు. వీడియో మూడు రోజుల ముందు చూపించాలి, మార్పు ఒక్కసారే అడగాలి. రీల్ 90 రోజులు తీసేయకూడదు. వీళ్లు తమ పేజీలో వాడుకున్నా అదే గడువు.

డబ్బు తీసుకున్న సంగతి క్యాప్షన్ చివర హ్యాష్‌ట్యాగుల గుంపులో #ad అని పెడితే చాలనుకున్నాడు అబ్బాయి. చాలదు. 2021 జూన్ 14 నుంచి అమల్లో ఉన్న ప్రకటనల ప్రమాణాల మండలి నియమం ప్రకారం, 15 సెకన్లు దాటి 2 నిమిషాల లోపు ఉన్న వీడియోలో మూడో వంతు సేపు ఆ ముక్క తెర మీద కనబడాలి. అంటే ఈ రీల్‌లో 15 సెకన్లు. 15 సెకన్ల లోపు స్టోరీకైతే 3 సెకన్లు. డబ్బివ్వకుండా ప్యాకెట్లు ఊరికే ఇచ్చినా చెప్పాల్సిందే. తెలుగు వీడియో కాబట్టి 'ప్రకటన' అని రాయమన్నారు. అబ్బాయి ఫోన్‌లో పెట్టి చూస్తే కింద రాసిన అక్షరాలను క్యాప్షన్ కప్పేస్తోంది. 'పై భాగంలో పెట్టాలి, క్యాప్షన్ మొదటి లైన్‌లోనూ ఉండాలి' అని బ్రీఫ్‌లో కలిపాడు.

డైలాగులన్నీ పోయాయి. 'మీ ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడండి. ఇరానీ చాయ్‌ని తక్కువ చేయొద్దు' అన్న రెండు వాక్యాలు మిగిలాయి. నాకు నచ్చింది ఇదే. ఆమె మాట తీరు చూసే కదా జనం ఆగేది!

కాగితం ఫొటో పంపగానే అటునుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది. "ఆంటీ, నేను పాలు పోసి చేస్తా, పర్లేదా?"

తల్లి కాగితం అంచున ఇంకో లైన్ రాసింది: 'పాలు పోయొచ్చు. మేమూ పోసుకుంటాం.'