కలయికలో నొప్పి: గర్భసంచిని తప్పుపట్టే ముందు

మార్కాపురం, కంభం, గిద్దలూరు ప్రాంతాలలో ప్రభుత్వ వైద్యునిగా పనిచేసిన కాలంలో, భర్తతో కలిసినప్పుడు నొప్పి వస్తున్నదని నేరుగా చెప్పిన స్త్రీలు నాకు చాలా అరుదుగా కనిపించారు. తెల్లబట్ట అవుతున్నదనో, నడుము లాగుతున్నదనో, కింద మంటగా ఉన్నదనో చెప్పేవారు. అసలు మాట బయటపడడానికి రెండో రాక, కొన్నిసార్లు మూడో రాక పట్టేది. ఆలోగా చాలామందికి ఎవరో ఒకరు "గర్భసంచికి పుండు పడింది, తీయించుకోకపోతే క్యాన్సరవుతుంది" అని చెప్పి పంపి ఉండేవారు.

ఈ మాటకు మన రాష్ట్రంలో ఎంత బలమున్నదో ఒక లెక్క చెబుతుంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తం మీద 15 నుండి 49 ఏళ్ల స్త్రీలలో నూటికి సుమారు ముగ్గురికి గర్భసంచి తీసివేసి ఉండగా, ఆంధ్రప్రదేశ్‌లో నూటికి దాదాపు తొమ్మిది మందికి తీసివేసి ఉన్నది. అందరికీ అనవసరంగా చేశారని నేను అనను. అయితే కలయికలో నొప్పికి మూలం చాలా సందర్భాలలో గర్భసంచి కాదు. అది ఎక్కడ పుడుతున్నదో తేల్చుకోవడానికి పెద్ద యంత్రాలు అక్కరలేదు. రెండు ప్రశ్నలు, ఒక ఓపికైన పరీక్ష చాలు.

మొదటి ప్రశ్న: నొప్పి గడప దగ్గరా, ఇంటి లోపలా? అంటే యోని ద్వారం వద్ద, కలయిక ఆరంభంలోనే మంటగా, కోసినట్టుగా ఉన్నదా? లేక ఆరంభం బాగానే ఉండి, లోతుకు తగిలినప్పుడు పొత్తికడుపులో పోటు వస్తున్నదా? రెండో ప్రశ్న: పెళ్లైన నాటి నుండీ ఉన్నదా, లేక కొన్నేళ్లు సుఖంగా గడిచిన తరువాత వచ్చినదా? ఈ రెండింటికీ జవాబు దొరికితే దారి సగం తెలిసినట్టే.

ఒక ఉదాహరణ చెబుతాను. మనిషి ఎవరో తెలియకుండా వివరాలు మార్చాను. ఆమెకు ముప్పై రెండేళ్లు. కంభం దగ్గరి పల్లె, మిరప కోతలకు వెళ్లే మనిషి. ఇద్దరు పిల్లలు, రెండూ సాధారణ కాన్పులే, ఆ తరువాత పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకున్నది. ఎనిమిది నెలలుగా తెల్లబట్ట, కింద దురద, మంట. ఊళ్లో వైద్యం చేసే మనిషి మూడుసార్లు ఇంజెక్షన్లు, యాంటీబయాటిక్ మాత్రలు ఇచ్చాడు. తగ్గినట్టే తగ్గి తిరిగి వచ్చింది. ఆపై ఒకచోట స్కానింగ్ తీసి గర్భసంచి వాచింది, తీసేయాలన్నారు. ఆపరేషన్ కోసం మెడలోని బంగారం కుదువపెట్టడానికి సిద్ధపడి, చివరిసారిగా అడుగుదామని అత్తగారితో వచ్చింది.

అత్తగారిని బయట కూర్చోబెట్టి, స్టాఫ్ నర్సును తోడుంచుకొని అడిగాను. "అమ్మా, నొప్పి మొదట్లోనా, లోపలికి వెళ్లాకనా?" ఆమె తల దించుకొని, "మొదట్లోనే సార్, కారం పూసినట్టుంటది" అన్నది. పెళ్లైన తరువాత ఎన్నో ఏళ్లు ఏ బాధా లేదు. కలయిక తరువాత రక్తం ఎప్పుడూ కనబడలేదు. నెలసరి నొప్పి మామూలే. అంటే ఇది పైభాగపు నొప్పి, మధ్యలో వచ్చినది.

పరీక్ష కూడా ఇదే వరుసలో సాగాలి. ముందు చూపు, తరువాత దూదిపుల్ల, తరువాత ఒకే ఒక వేలు, చివరికి గర్భసంచి. చూస్తే ద్వారం చుట్టూ చర్మం ఎర్రబడి, సన్నని పగుళ్లు ఉన్నాయి. విరిగిన పాల తరకల వంటి తెల్లబట్ట అంటుకొని ఉన్నది. ఇది క్యాండిడా అనే బూజు జాతి సూక్ష్మజీవి పని. తడిపిన దూదిపుల్లను ద్వారం చుట్టూ మెల్లగా తాకిస్తే అన్నిచోట్లా మండింది. ఆ తరువాత ఒక వేలు ఒక కణుపు మేర లోపలికి ఉంచి, రెండు పక్కలా కిందివైపు అదిమితే కండరం పగ్గంలా బిగిసి తగిలింది. "ఇదే సార్ ఆ నొప్పి" అన్నది. మూత్రం ఆపుకున్నట్టు బిగించమంటే బిగించింది, వదలమంటే వదలలేకపోయింది. చివరగా గర్భాశయ ముఖద్వారాన్ని వేలితో అటూఇటూ కదిపాను. అక్కడ నొప్పి లేదు. గర్భసంచి సులభంగా కదిలింది, అదిమినా బాధ లేదు. అంటే ఆ నొప్పికి గర్భసంచితో సంబంధం లేదు.

బూజు మళ్లీ మళ్లీ ఎందుకు వచ్చింది? రెండు కారణాలు దొరికాయి. రక్తపరీక్షలో పరగడుపున చక్కెర 148 ఉన్నది, మరునాడు మళ్లీ చేయిస్తే అంతే ఉన్నది. షుగరు వ్యాధి ఉన్నదని ఆమెకు అంతవరకు తెలియదు. ఇక యాంటీబయాటిక్ మాత్రలు యోనిలో ఉండే మేలుచేసే సూక్ష్మజీవులను చంపి, బూజుకు పొలం దున్ని ఇచ్చినట్టు చేస్తాయి. తగ్గాలని వాడిన మందే పెంచింది. క్లోట్రిమజోల్ 100 మిల్లీగ్రాముల మాత్రను రాత్రి పడుకునేటప్పుడు యోనిలో ఉంచుకునేట్టు ఏడు రాత్రులకు ఇచ్చి, షుగరుకు మందు మొదలుపెట్టాము. రెండు వారాలలో దురద, తెల్లబట్ట పోయాయి.

పాఠకులు గమనించవలసిన ఘట్టం ఇక్కడ ఉన్నది. ఇన్ఫెక్షన్ పోయింది, నొప్పి పోలేదు. నెల తరువాత వచ్చి "మంట లేదు సార్, కానీ ఆయన దగ్గరికొస్తే మూసుకుపోతున్నది" అన్నది. ఎనిమిది నెలలు నొప్పికి భయపడిన కండరం ఆ భయాన్ని అలవాటు చేసుకున్నది. కంటి ముందుకు చేయి వస్తే రెప్ప మూసుకున్నట్టే, ద్వారం చుట్టూ ఉన్న కండరం ఆమె ప్రమేయం లేకుండా బిగుసుకుంటుంది. బిగిసినచోట రాపిడి, రాపిడితో నొప్పి, నొప్పితో మరింత బిగువు. పొలంలో మరుగు లేక పగలంతా మూత్రం ఆపుకునే అలవాటు ఈ బిగువును ఇంకా పెంచుతుంది. సరిగ్గా ఈ దశలోనే "ఇన్ని మందులు వాడినా తగ్గలేదు కదా" అని చాలామందిని ఆపరేషన్ బల్ల ఎక్కిస్తారు. గర్భసంచి తీసినా ఈ కండరం అక్కడే ఉంటుంది, నొప్పీ ఉంటుంది.

ఆమెకు చెప్పిన వైద్యం ఇది. ఆరు వారాలు కలయిక మానాలి. రోజూ పది నిమిషాలు గోరువెచ్చని నీటి తొట్టిలో నడుము వరకు కూర్చోవాలి. తరువాత పడుకొని, మూడు సెకండ్లు బిగించి, పది సెకండ్లు నెమ్మదిగా ఊపిరి వదులుతూ కండరాన్ని వదలాలి. ఇక్కడ ముఖ్యం బిగించడం కాదు, వదలడం. రెండో వారం నుండి శుభ్రమైన తన వేలికే కొబ్బరినూనె రాసుకొని, వదిలే క్షణంలో మాత్రమే కొద్దిగా లోపలికి ఉంచుకోవాలి. నొప్పి లేకుండా ఒక వేలు పట్టిన తరువాతే రెండోది. భర్తను కూడా పిలిపించి, మళ్లీ కలిసే రోజున వేగం ఆమె చేతిలో ఉండాలని, ఆగమన్నచోట ఆగాలని చెప్పాము. మూడో నెలకు నొప్పి దాదాపు పోయింది. బంగారం కుదువకు వెళ్లలేదు. ఒక జాగ్రత్త: నిరోధ్ వాడేవారు కొబ్బరినూనె వాడకూడదు, నూనెకు రబ్బరు చిరుగుతుంది. వారు నీటితో తయారైన జెల్లీ వాడాలి.

రెండో ప్రశ్నకు "పెళ్లైన నాటి నుండీ" అనే జవాబు వస్తే, అంటే మొదటి రాత్రి నుండే ప్రవేశం సాధ్యం కాకపోతే, చాలావరకు కారణం ఇదే కండరపు బిగువు. దీనిని వెజైనిస్మస్ అంటారు. "దారి చిన్నది" అనుకోవడం పొరపాటు. అటువంటి జంటలకు కూడా ఇదే వ్యాయామం, ఇంకా నిదానంగా. అరుదుగా మందమైన కన్నెపొర గానీ, పుట్టుకతో వచ్చిన అడ్డుపొర గానీ ఉండవచ్చు గనుక ఒకసారి పరీక్ష తప్పనిసరి.

ఇక లోతైన నొప్పి సంగతి వేరు. లోతుకు తగిలినప్పుడు, కొన్ని భంగిమలలో పోటు వస్తుంది, మరునాటి వరకు మొద్దుగా నిలుస్తుంది. గర్భాశయ ముఖద్వారాన్ని కదిపితే ఆమె ఉలిక్కిపడి, దుర్వాసనతో తెల్లబట్ట, జ్వరం కూడా ఉంటే అది గర్భసంచి, నాళాల ఇన్ఫెక్షన్. ప్రభుత్వ సురక్ష క్లినిక్‌లలో దీనికి పసుపురంగు కిట్ ఇచ్చేవారు. అందులో సెఫిక్సిమ్ ఒక్క మోతాదు, మెట్రోనిడజోల్, డాక్సీసైక్లిన్ పద్నాలుగు రోజులు. మూడో రోజుకు నొప్పి తగ్గిందని ఆపేసేవారికి, భర్తకు మందు ఇప్పించనివారికి ఇది తిరగబెడుతుంది. నెలసరి నొప్పి ఏటికేడు పెరుగుతూ లోతైన నొప్పి కూడా ఉంటే ఎండోమెట్రియోసిస్‌ను అనుమానించాలి. దీనిలో స్కానింగ్ మామూలుగా ఉండవచ్చు. స్కానింగ్ బాగుంటే జబ్బు లేదని అర్థం కాదు.

గర్భసంచితోపాటు అండాశయాలు కూడా తీయించుకున్న వారి నొప్పి మళ్లీ గడప దగ్గరిదే. ముప్పై అయిదేళ్లకే ఈస్ట్రోజన్ ఆగిపోయి, యోని పొర పలచబడి, తడి ఆరి, కలయిక గరుకు కాగితంతో రుద్దినట్టవుతుంది. లోతు నొప్పి కోసం ఆపరేషన్ చేయించుకొని పైనొప్పి తెచ్చుకున్నవారిని చూశాను. పాలిచ్చే తల్లులలోనూ కొన్నాళ్లు ఇదే పొడితనం ఉంటుంది, అది తనంతట తగ్గుతుంది. అండాశయాలు లేనివారికి, ముట్లుడిగినవారికి ఈస్ట్రోజన్ క్రీము కొద్దిపాటి మోతాదులో రెండు వారాలు రోజూ, ఆపై వారానికి రెండుసార్లు యోనిలో వాడితే పొర తిరిగి కోలుకుంటుంది. రొమ్ము క్యాన్సర్ వచ్చినవారు మాత్రం తమ వైద్యుని అడగకుండా వాడరాదు.

ఒక్క లక్షణం ఉంటే ఈ వరుసలన్నీ పక్కన పెట్టండి. కలయిక తరువాత రక్తం కనబడితే, ఒక్కసారైనా సరే, గర్భాశయ ముఖద్వారాన్ని పరికరంతో తెరచి చూపించుకోవాలి. మామూలుగా "పుండు" అని భయపెట్టే ఎరుపు చాలావరకు లోపలి పొర బయటకు కనబడడమే, అది క్యాన్సర్ కాదు. అయితే ఆ తేడా చూసి, పరీక్ష చేసి చెప్పవలసిందే గాని, విని చెప్పేది కాదు.

ఆసుపత్రికి వెళ్లినప్పుడు "తెల్లబట్ట" అని మాత్రమే చెప్పి ఊరుకోకండి. నోరు రాకపోతే ఒక చీటీ మీద మూడు మాటలు రాసి ఇవ్వండి: నొప్పి మొదట్లోనా లోతులోనా, ఎప్పటి నుండి, తరువాత రక్తం కనబడుతున్నదా. వాటిని చదివి, కండరాన్ని వేలితో చూసి, షుగరు పరీక్ష చేసిన తరువాత కూడా గర్భసంచి తీయాలని చెబితే, ఏ వ్యాధి పేరు మీద తీస్తున్నారో, అండాశయాలు ఉంచుతారో తీస్తారో రాసి ఇమ్మని అడగండి.