ఎనిమిదింటి ఆకలి

మూడో రోజున మానేస్తారు. రాత్రి ఎనిమిదికి తినేసి మర్నాడు మధ్యాహ్నం పన్నెండు దాకా కడుపు ఖాళీగా ఉంచే పద్ధతి ఇప్పుడు రాజమండ్రి నుంచి కోనసీమ లంకల దాకా అందరికీ తెలిసిందే. మొదలుపెట్టేవాళ్లకి కొదవలేదు. కానీ వారం తిరక్కుండానే నా దగ్గరికి వచ్చి కూర్చుని, "నా వంటికి పడలేదండీ, ప్రాణం లాగేసిందండీ" అంటారు. మానేశారని నాకు కోపం లేదు. ఈ పద్ధతి అందరికీ అవసరమూ కాదు. కానీ తగ్గిపోబోతున్న ఆకలిని చూసి జబ్బనుకుని బెదిరిపోతున్నారే, అక్కడ నా ఓపిక నశిస్తుంది.

రావులపాలెం వైపు రైస్ మిల్లులో గుమాస్తా ఒకాయన ఉన్నారు. వయసు నలభై ఆరు, పొట్ట ముందుకొచ్చింది, పరగడుపు షుగరు 112. మందులేవీ వాడటం లేదు. ఆయనా మూడో రోజునే ఆపేసి వచ్చారు. "ఎనిమిదయ్యేసరికి కడుపులో మెలిపెట్టేసిందండీ. షుగరు పడిపోయిందనుకున్నాను. పక్కింటివాళ్ల మిషను మీద చూసుకుంటే 84 వచ్చిందండి."

"84 అంటే పడిపోయినట్టా? అది చూశాక ఏం చేశారు?"

"భయమేసి నాలుగిడ్లీలు తినేశానండి."

అంకె బాగుందని మిషను చెప్పినా నమ్మలేదు. కడుపు చెప్పిందే నమ్మారు. షుగరు ఎందుకు పడిపోలేదో ముందు అది చెప్పాను. ఆరోగ్యంగా ఉన్న కాలేయంలో సుమారు వంద గ్రాముల దాకా చక్కెర నిల్వ ఉంటుంది. రాత్రంతా కాలేయం దాన్నే కొద్దికొద్దిగా రక్తంలోకి వదులుతూ ఉంటుంది. నిల్వ తగ్గుతున్నకొద్దీ కొత్త చక్కెరను తయారు చేసుకుంటుంది కూడా. పదహారు గంటలకే చేతులెత్తేసే అవయవం కాదది.

మరి ఆ మెలిపెట్టడం ఎక్కడిది? 1999లో జపాన్ శాస్త్రవేత్తలు కొజిమా, కంగావా కనిపెట్టిన గ్రెలిన్ అనే హార్మోను ఉంది. ఎక్కువగా జీర్ణకోశం గోడల నుంచే వస్తుంది, మెదడుకి ఆకలి కబురు చెబుతుంది. ఇది కడుపు ఖాళీ అయినకొద్దీ పెరుగుతూనే పోదు. రోజూ తినే వేళ దగ్గరపడగానే లేస్తుంది. పాతికేళ్లుగా ఎనిమిదింటికి టిఫిన్ తింటున్న మనిషిలో ఆ వేళకే లేస్తుంది, తినకపోయినా దానంతటదే దిగుతుంది. ఆస్ట్రియా పరిశోధకులు ఆరుగురు ఆరోగ్యవంతుల్ని 33 గంటలు పస్తుంచి, మధ్యమధ్య రక్తం తీసి చూశారు. మెతుకు ముట్టకపోయినా, మామూలుగా తినే వేళలకి గ్రెలిన్ లేచింది, మళ్లీ తగ్గింది. ఆ ఫలితాలు 2005లో అచ్చయ్యాయి. కుడితి వేళకి గేదె అరుస్తుంది, ఆ వేళ దాటితే ఊరుకుంటుంది. మన కడుపూ అంతే.

గుమాస్తా గారికి ఒక చిన్న నోట్‌బుక్కు కొనుక్కోమన్నాను. ఆకలి వేసిన ప్రతిసారీ టైము రాసి, పక్కన పదికి ఎంతో వేయమన్నాను. పన్నెండు దాకా ఒక్కసారే దూకవద్దని, టిఫిన్‌ని మూడు నాలుగు రోజులకోసారి గంట చొప్పున వెనక్కి జరపమన్నాను. కాఫీ మానేస్తే వచ్చే తలనొప్పిని కూడా ఉపవాసం ఖాతాలో వేస్తారు కాబట్టి, పాలూ పంచదారా లేకుండా కాఫీ తాగమన్నాను. నీళ్లు బాగా తాగమన్నాను. మొదటి రోజుల్లో ఇన్సులిన్ తగ్గగానే మూత్రపిండాలు ఉప్పునీ నీటినీ ఎక్కువగా వదిలేస్తాయి. కళ్లు తిరగడం, నీరసం చాలావరకు అందువల్లే. బీపీ లేదు కాబట్టి ఆయనకి నీళ్లలో చిటికెడు ఉప్పు వేసుకోవచ్చని చెప్పాను.

ఆ నోట్‌బుక్కు నేను చాలామందికి చూపించాలనుకున్నది. మొదటి వారం చివరి పేజీల్లో ఎనిమిదింబావుకి తొమ్మిది అని ఉంది, ఎనిమిదీ ముప్పావుకి ఐదు, తొమ్మిదింబావుకి రెండు. ఈ మధ్యలో ఆయన ఏమీ తినలేదు. పదిన్నరకి మళ్లీ ఆరు. అది మిల్లులో బిస్కెట్లు పంచుకునే వేళ. రెండో వారం మధ్యకి ఎనిమిదింటి అంకె నాలుగైంది, ఆ తర్వాత రెండుకీ ఒకటికీ దిగింది. కొత్తగా పదకొండున్నరకి ఆకలి మొదలైంది. కడుపు కొత్త వేళ నేర్చుకుందన్నమాట.

చాలామంది ఈ నేర్చుకోవడాన్నే చెడగొట్టుకుంటారు. ఎనిమిదింటికి ఉండబట్టలేక "రెండు బిస్కెట్లేగా" అంటారు. రెండైనా ఇరవయ్యైనా, సరిగ్గా ఆ వేళకే తిండి పడుతుంటే కడుపు ఆ వేళని ఎందుకు మరిచిపోతుంది? ఇవాళ పదకొండు, రేపు ఎనిమిది, ఎల్లుండి ఒంటిగంట అని వేళలు మార్చేవాళ్లదీ ఇదే గతి. కార్తీక సోమవారాలు ఉండేవాళ్లని అడగండి. నాలుగో సోమవారం కూడా మొదటిదానంత కష్టంగానే ఉందంటారు. మిగతా ఆరు రోజులూ వేళకి టిఫిన్ తింటూనే ఉంటారు మరి. అదే రంజాన్ నెలలో రోజా పాటించే నా పేషెంట్లు మొదటి మూడు నాలుగు రోజులే కష్టమంటారు. సహరీ, ఇఫ్తార్ రోజూ ఇంచుమించు ఒకే వేళకి జరుగుతాయి.

ఇంత ధైర్యం చెప్పాక, ఆ ధైర్యం ఎవరికి పనికిరాదో కూడా చెప్పాలి. ఆచంట వైపు నుంచి వచ్చే ఒక పెద్దావిడ షుగరుకి గ్లిమిపిరైడ్ వాడుతున్నారు. కోడలు బరువు తగ్గిందని తనూ మొదలుపెట్టారు. మాత్ర మాత్రం ఎప్పట్లాగే పొద్దున్నే వేసుకున్నారు. పదింటికి చెమటలు పట్టాయి, చేతులు వణికాయి. "కాసేపు ఓర్చుకోండి అత్తయ్యా, అదే తగ్గిపోతుంది" అంది కోడలు. ఆ పిల్ల ప్రేమతోనే చెప్పింది, తన ఆకలి అలాగే తగ్గింది కాబట్టి చెప్పింది. ఇది తగ్గలేదు. మాట తడబడ్డాక ఆటోలో తీసుకొచ్చారు. షుగరు 48. ఆ మాత్ర, తిన్నా తినకపోయినా క్లోమం చేత ఇన్సులిన్ వదిలిస్తూనే ఉంటుంది. గ్లూకోజు ఎక్కించాం, మళ్లీ పడిపోతుందేమోనని రాత్రంతా ఉంచాం. ఆవిడ కోలుకున్నారు. కోడలు వరండాలో కూర్చుని ఏడుస్తూనే ఉంది. మందు సంగతి ఒక్క మాట ముందుగా అడిగి ఉంటే ఆ రాత్రి వాళ్లకి వచ్చేదే కాదు.

వేళకి వచ్చే ఆకలి అరగంటకో గంటకో మెత్తబడుతుంది. ఏదైనా పనిలో పడితే మరుపున పడుతుంది. షుగరు పడిపోవడం అలా కాదు. చెమట, వణుకు, గుండెదడ, తికమక, నిమిషనిమిషానికీ ముదురుతాయి. అప్పుడు మిషను మీద చూడాలి. 70 లోపుంటే ఉపవాసం సంగతి వదిలేసి మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగాలి, పావుగంటకి మళ్లీ చూడాలి, ఆ తర్వాత అన్నం తినాలి. మిషను లేకపోతే పంచదారే ముందు. మనిషి మగతగా ఉంటే నోట్లో ఏమీ పోయకుండా ఆస్పత్రికి తేవాలి. ఇన్సులిన్‌గానీ గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలుగానీ వాడేవాళ్లు డాక్టరు మోతాదు మార్చకుండా పూట మానకూడదు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ఎదిగే పిల్లలు దీని జోలికే పోవద్దు.

గుమాస్తా గారు మూడు నెలల్లో నాలుగు కిలోలు తగ్గారు. అందులో గడియారం గొప్పతనం కన్నా, పన్నెండింటికి కంచంలో అన్నం తగ్గించి పప్పూ కూరా పెంచిన ఆయన భార్య చలవే ఎక్కువ. ఉదయం మిగిల్చింది మధ్యాహ్నం రెట్టింపు తింటే ఏమీ తగ్గరు. సంక్రాంతి మూడు రోజులూ పొద్దున్నే అరిసెలు తిన్నారట. కనుమ మర్నాడు ఫోను చేసి, "ఎనిమిదింటి ఆకలి మళ్లీ వచ్చేసిందండీ, ఐదుంది" అన్నారు. భయపడలేదు, అంకె చెప్పారు. రెండు మూడు రోజులు అదే వేళకి ఏమీ తినకుండా చూడమన్నాను.

"ఆయ్, రాసుకుంటున్నానండి" అన్నారు.