పది లడ్డూలు, నలుగురు పిల్లలు, మూడు చీపురుపుల్లలు

మన బళ్ళారి ఆదివారం తెలుగు తరగతిలో ఈ మధ్య లెక్కలు కూడా తెలుగులోనే చెప్పుకుంటున్నాం. పిల్లలు బడిలో కన్నడంలోనో ఇంగ్లీషులోనో నేర్చుకున్న లెక్కను ఇక్కడ మన మాటల్లో విప్పి చెప్తే, వాళ్ళు అడిగే ప్రశ్నలు కూడా మారుతున్నాయి. కిందటి వారం లెక్క మా పెద్దల మధ్యే వాదన తెచ్చింది, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాం.

లెక్క ఇది. ఒకే రకం బూందీ లడ్డూలు పది ఉన్నాయి. పిల్లలు నలుగురు, వాళ్ళకి అ, ఆ, ఇ, ఈ అని పేర్లు పెట్టుకుందాం. ఎవరికి ఎన్ని ఇవ్వచ్చు అన్నది ఎన్ని రకాలుగా జరుగుతుంది? ఒకరికి అన్నీ ఇచ్చినా, ఒకరికి ఏమీ ఇవ్వకపోయినా అదీ ఒక రకమే.

రాస్తూ పోతే తెగదు. లడ్డూలన్నీ వరుసగా పెట్టి, మధ్యలో చీపురుపుల్లలు అడ్డం పెట్టాం.

● ● ● | ● ● | | ● ● ● ● ●

మొదటి పుల్ల దాకా ఉన్నవి అ-వి, తర్వాతవి ఆ-వి, అలాగే మిగతావాళ్ళవి. ఇక్కడ అ-కి మూడు, ఆ-కి రెండు, ఈ-కి అయిదు వచ్చాయి. రెండు పుల్లలు పక్కపక్కనే పడ్డాయి కాబట్టి ఇ-కి ఏమీ లేదు. ఏ పంపకమైనా ఇలాంటి వరుస ఒక్కటే అవుతుంది, ఏ వరుసైనా ఒక్క పంపకమే. అంటే లడ్డూలను లెక్కపెట్టక్కర్లేదు, పదమూడు చోట్లలో పుల్లలకి ఏ మూడు చోట్లో ఎంచుకుంటే చాలు. 13×12×11 ని 1×2×3 తో భాగిస్తే 286.

ఈ ఎంపిక సూత్రాన్ని తొమ్మిదో శతాబ్దంలో మహావీరాచార్యులు గణితసారసంగ్రహంలో చెప్పారు. ఆయన కాలపు రాజు అమోఘవర్షుని రాజధాని మాన్యఖేటం, ఇప్పటి మన కలబురగి జిల్లాలోని మళఖేడ్. ఆ గ్రంథాన్ని తర్వాత తెలుగు చేసినవాడు పావులూరి మల్లన. అటు కన్నడనాడు, ఇటు తెలుగు, రెండూ మనవే అని చెప్పుకోవడానికి ఇంతకంటే ఏం కావాలి!

నలుగురు పిల్లలు కదా అని ఒక పిల్లవాడు నాలుగు పుల్లలు పెట్టాడు. అప్పుడు భాగాలు అయిదవుతాయి, జవాబు 1001 వస్తుంది. అది తప్పు లెక్క కాదు, వేరే లెక్క. అయిదో భాగం డబ్బాలో మిగిలిపోయిన లడ్డూలది. అన్నీ పంచేయాలంటే మూడు పుల్లలే. అనుమానం వస్తే మూడు లడ్డూలు, ఇద్దరు పిల్లలతో చేసి చూడండి. ఒక్క పుల్ల, నాలుగు రకాలు, వేళ్ళ మీద తేలిపోతుంది.

ఇంకో షరతు పెట్టాం. ఎవరూ ఖాళీ చేతులతో పోకూడదు. అప్పుడు పుల్లలు లడ్డూల మధ్య సందుల్లోనే పడాలి, సందుకి ఒకటే. పది లడ్డూల మధ్య సందులు తొమ్మిది, అందులో మూడు ఎంచుకుంటే 84. అంటే 286 లో 202 రకాల్లో ఎవరో ఒకరికి ఏమీ దక్కదు.

ఇక్కడే గొడవ. తరగతి అయ్యాక మిగిలిన లడ్డూలని చీటీలు వేసి పంచుదామన్నారు ఒకరు. లడ్డూకి ఒక చీటీ తీయాలి, పేరు వచ్చినవాళ్ళకి అది ఇచ్చి, చీటీ మళ్ళీ డబ్బాలో వేయాలి. వెంటనే ఇంకొకాయన, "202 అంటే నూటికి డెబ్భై వంతులు ఎవరో ఒక బిడ్డ ఏడుస్తుంది" అన్నారు. వినడానికి బాగుంది కానీ నిలవదు. 286 రకాలూ సమానంగా రావు. పదీ అ-కే రావాలంటే పది చీటీల్లోనూ ఆ పేరే రావాలి, దారి ఒక్కటే. 3, 3, 2, 2 గా రావడానికి 25,200 దారులు. చీటీల దారులు మొత్తం 4 ని పదిసార్లు గుణించినన్ని, 10,48,576. వాటిలో 8,18,520 అందరికీ కనీసం ఒకటి ఇస్తాయి. కాబట్టి ఎవరైనా ఖాళీ చేతులతో పోయే అవకాశం నూటికి సుమారు 22.

పుల్లల లెక్క ఎన్ని రకాలో చెప్తుంది, ఏది ఎంత తరచుగా వస్తుందో చెప్పదు. లడ్డూల్లో ఒక్కటి రవ్వలడ్డూ అయినా ఆ లెక్క పనికిరాదు, అది ఎవరికి వెళ్ళిందో కూడా చూడాలి కాబట్టి.

అయినా 22 కూడా మాకు ఎక్కువే అనిపించింది. నలుగురికీ ముందు తలా ఒకటి చేతిలో పెట్టి, మిగతా ఆరింటికే చీటీలు వేశాం. మిగిలిన ఆరుకి పుల్లలు పెట్టినా 84 రకాలే వస్తాయి, పిల్లలే కనిపెట్టారు.

వచ్చే ఆదివారం ప్రశ్న: ఎవరికీ నాలుగుకి మించకూడదంటే 286 లో ఎన్ని మిగులుతాయి? ఇద్దరికి అయిదేసి వచ్చిన రకాలను రెండుసార్లు తీసేయకండి. జవాబు 68 రావాలి.