ఒక్క పూత... రోజంతా రక్ష!

నన్ను చూస్తే మీరు నమ్మరుగానీ, 2019 మే నెలలో విజయవాడలో ఓ సినిమా హాలు గుమ్మంలో నిలబడి నేనూ 'డైలాగులు' చెప్పాను. హీరోయిన్‌గా కాదు లెండి! సన్‌స్క్రీన్ క్రీము అమ్మే పిల్లగా. డిగ్రీ పరీక్షలయ్యాయి, సెలవులు, రోజుకి ఇంతని జీతం. నా వెనక బోర్డు మీద 'ఒక్క పూత - రోజంతా రక్ష! మేనికి తెల్లని నిగారింపు!' అని రాసుంది. మ్యాట్నీకి వచ్చిన వాళ్లందరికీ నేనూ అదే చదివి వినిపించేదాన్ని.

ఆ హాల్లోనే స్కూటర్లకి టోకెన్లిచ్చే కుర్రాడొకడు ఉండేవాడు. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం అయిదుదాకా ఎండలోనే ఉద్యోగం. జాలేసి వాడికి రోజూ ఒక చిన్న శాంపిల్ ప్యాకెట్ ఇచ్చేదాన్ని. వారం తిరిగేసరికి వచ్చి నా ముందు నిలబడ్డాడు. ముక్కు మీద పొట్టు లేస్తోంది. మెడ వెనకా, చెవుల పైనా కమిలి నల్లబడింది.

"అక్కా, మీ క్రీము డూపు అక్కా!" అన్నాడు.

నాకు తల తీసేసినట్టయింది. ఆ రాత్రే చర్మవైద్యం చదువుతున్న మా పెద్దనాన్న కూతుర్ని పట్టుకున్నాను. అక్క నవ్వి, "వాడు ఎంత రాశాడు?" అని అడిగింది. శనగగింజంత. పొద్దున ఒక్కసారి, ముఖానికి మాత్రమే. మిగిలింది మడిచి దాచుకుంటున్నాడట, పాపం. చెమట పట్టినప్పుడల్లా తువ్వాలుతో గట్టిగా తుడుచుకుంటున్నాడు.

అసలు కిటుకు అక్కడుంది. ట్యూబు మీద ఎస్పీఎఫ్ 50 అంటే చర్మాన్ని కమిలించే కిరణాల్లో యాభయ్యో వంతే లోపలికి పోతుందని లెక్క. కానీ ఆ లెక్క కట్టేటప్పుడు ప్రయోగశాలలో చదరపు సెంటీమీటరుకి 2 మిల్లీగ్రాముల క్రీము రాస్తారు. మన భాషలో చెప్పాలంటే చూపుడువేలు, మధ్యవేలు పొడుగునా రెండు గీతలు పిండితే ముఖానికీ మెడకీ సరిపోతుంది. మామూలుగా జనం రాసేది అందులో సగమో, పాతికవంతో. పూత పలచబడితే ట్యూబు మీది 50 మన ముఖం మీద ఉండదు, ఎక్కడో కిందికి జారిపోతుంది. పైగా రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. చెమట తుడుచుకున్నా రాయాల్సిందే. 'చెమటకి చెక్కుచెదరదు' లాంటి మాటల్ని అమెరికాలో 2011 నిబంధనలతోనే అట్టల మీంచి తీయించేశారట!

"మరి తెల్లబడటమో?" అన్నాను.

"ఉన్న రంగు నల్లబడకుండా కొంత కాపాడుతుంది. అంతే. కొన్ని క్రీములు రాయగానే తెల్లగా కనబడేది జింక్ ఆక్సైడ్ వల్ల. అది చూసి బూడిద పూసుకున్నట్టుందని మనవాళ్లు మరీ తక్కువ రాస్తారు. ఎస్పీఎఫ్ అంకె ఒక్కటే చూడకు. పక్కన 'పీఏ' అని, ప్లస్ గుర్తులు ఉంటాయి. నల్లబరిచే కిరణాల సంగతి చెప్పేది అవే" అంది.

మర్నాడు ఆ కుర్రాడూ నేనూ కూర్చుని లెక్కేశాం. రెండు వేళ్ల క్రీము ఇంచుమించు ఒక గ్రాము. తొమ్మిది, పదకొండు, ఒకటి, మూడు... నాలుగు పూతలు. రోజుకి నాలుగు గ్రాములు. అంటే 50 గ్రాముల ట్యూబు పన్నెండు రోజులు! మా బోర్డు చూసి కొన్నవాళ్లు అదే ట్యూబు వేసవంతా వాడుకుందామనుకునేవాళ్లు. ఒక్క ట్యూబు వేసవంతా వచ్చిందంటే వాళ్లకి అందిన రక్ష ఏపాటిదో మీరే చెప్పండి.

"ఇంత పూస్తే నా జీతం దీనికే సరి అక్కా" అన్నాడు వాడు. నిజమే. రోజంతా ఎండలో ఉండేవాడికి మొదట కావలసింది క్రీము కాదు. నీడ, గొడుగు, పొడుగు చేతుల చొక్కా, చెవులూ మెడా కప్పే తువ్వాలు. వాటికి అందని చోటికి, ముక్కుకీ బుగ్గలకీ, క్రీము. అప్పుడు ఖర్చూ తగ్గుతుంది. ఎంత పూసుకున్నా వడదెబ్బని మాత్రం అది ఆపదు. దానికి నీళ్లూ నీడే మందు.

ఆ రోజునుంచి నా డైలాగు మారింది. రెండు వేళ్లు చూపించేదాన్ని, బయటికెళ్లే పావుగంట ముందు రాయండి అనేదాన్ని, తెల్లబడతామా అని అడిగితే లేదనేదాన్ని. కొందరు పెదవి విరిచి వెళ్లిపోయారు. కొందరు మాత్రం నిలబడి ఇంకో ప్రశ్న అడిగారు. మూడోరోజు సూపర్‌వైజరు గారు వచ్చి కాసేపు విని, "అమ్మాయ్, నీకు జీతమిచ్చేది మేమా, గొడుగుల కొట్టువాడా?" అన్నారు.

వారాంతంలో నన్ను మరో హాలుకి మార్చారు. వెళ్లేరోజు చూశాను. మావాడు కుర్చీకి కర్ర కట్టి, దానికో పాత గొడుగు బిగించి, దాని కింద కూర్చుని టోకెన్లు చింపుతున్నాడు. ముక్కు మీద మాత్రం దట్టంగా తెల్లటి పూత!