బడి ముచ్చట్లు – 7: "ఎవరో ఒకరు" అంటే ఎవరు?

"టీచర్స్, ఎల్లుండి నుంచి ఎస్‌ఏ-2 కదా. అందరూ కాస్త ముందే వచ్చేయండి. పేపర్లు ఆఫీసులో ఉంటాయి, ఎవరో ఒకరు తీసుకుపోండి. అయిపోగానే ఆన్సర్ షీట్లు ఇచ్చేయండి. ఫోన్లు గట్రా జాగ్రత్త. ఫీజు బాకీ ఉన్నోళ్ల సంగతి కూడా కొంచెం చూసుకోండి. ఆల్ ది బెస్ట్."

నేను ఒక ప్రైవేటు హైస్కూల్ ఆఫీసులో పనిచేసిన రోజుల్లో ప్రిన్సిపాల్ సారు స్టాఫ్ గ్రూపులో పెట్టే మెసేజీలు ఇట్లనే ఉండేవి. రాత్రి తొమ్మిదిన్నరకు వచ్చేది. పది నిమిషాల్లో దాని కింద వరసగా బొటనవేళ్లు లేచేవి. తెల్లారి దాన్ని సర్క్యులర్‌గా టైపు చేయడం నా పని. బడి పేరు వద్దు. ఆ సారు చెడ్డమనిషి కూడా కాదు. తన బుర్రలో ఉన్నదంతా అందరి బుర్రల్లో ఉందనుకునే మనిషి, అంతే.

చాలామంది దీన్ని భాష మార్చే పని అనుకుంటారు. "వచ్చేయండి" తీసేసి "హాజరు కావలెను" అని పెడితే సర్క్యులర్ అయిపోయిందనుకుంటారు. కాలేదు. పరీక్ష పది గంటలకైతే "కాస్త ముందే" అంటే లెక్కల సారుకు తొమ్మిదింబావు, సోషల్ మేడంకు పదికి పది నిమిషాల ముందు. ఇద్దరూ మాట విన్నట్టే. "కొంత ముందుగా హాజరు కావలెను" అని రాసినా ఇద్దరూ మళ్లీ అదే టైముకు వస్తారు.

మన తెలుగులో ఇంకో చిక్కుంది. వాక్యంలో మనిషిని చెప్పకుండానే వాక్యం నడిచిపోతుంది. "పేపర్లు తీసుకెళ్లాలి", "బెంచీలు సర్దాలి", "కట్ట ఇచ్చి సంతకం చేయాలి". తప్పు లేని తెలుగే. కానీ ఎవరు తీసుకెళ్లాలి? ఎవరు సర్దాలి? సంతకం ఇచ్చినోళ్లదా, పుచ్చుకున్నోళ్లదా? ఇంట్లో అయితే చెప్పక్కర్లేదు. బడిలో చెప్పకపోతే ఆ ఖాళీలోకి ఎవరు వచ్చి పడతారో మీకు తెలుసు.

మా దగ్గర ఆ "ఎవరో ఒకరు" మూడేళ్లుగా ఒకే మనిషి. హిందీ గెస్ట్ టీచర్. మాదిగవాడ నుంచి వచ్చిన అమ్మాయి, స్టాఫ్ మొత్తంలో తక్కువ జీతం. పేపర్ల కట్టలు గదులకు మోసేది తను. ఎవరైనా టీకి పోతే ఆ గదిలో నిలబడేది తను. ఫలానా అమ్మాయే చేయాలని ఎవరూ ఎన్నడూ అనలేదు. అనాల్సిన పని లేదు. కాదనే వీలు లేని మనిషి ఒకరు స్టాఫ్ రూములో ఉంటే పేరులేని పనులన్నీ అటే నడిచిపోతాయి.

ఒకసారి ఎనిమిదో తరగతి గదిలో 34 మంది పరీక్ష రాశారు. రెండు రోజుల తర్వాత దిద్దే టీచర్ కట్ట విప్పితే 33 పేపర్లే ఉన్నాయి. ఆ గది డ్యూటీ హిందీ టీచర్‌ది. "అయిపోగానే ఇచ్చేయండి" అన్నారు గనుక తీసుకొచ్చింది. ఆఫీసులో ఎవరూ లేకపోతే టేబుల్ మీద పెట్టి పోయింది. పేపరు గదిలోనే పోయిందా, టేబుల్ మీద పోయిందా, దిద్దే సారు సంచిలో పోయిందా? ఏ చేతిలో నుంచి ఏ చేతిలోకి పోయేటప్పుడూ ఎవరూ లెక్కపెట్టలేదు గనుక చెప్పే మార్గం లేదు. మెమో మాత్రం ఆమెకే వచ్చింది.

ఆ తర్వాతి పరీక్షలకు మెసేజీ రాగానే నేను టైపు మొదలుపెట్టలేదు. ముందు ఒక తెల్లకాగితం మీద ప్రశ్నలు రాసుకున్నాను. ముందే అంటే ఎన్నింటికి? ఎవరో ఒకరు అంటే ఏ రోజు ఎవరు? ఇచ్చేయండి అంటే ఎవరి చేతికి? ఆ మనిషి లేకపోతే? లెక్క తేడా వస్తే? వీటికి జవాబులు నేను ఊహించి రాయకూడదు. తిరగరాసేవాడి పని అడగడం, నిర్ణయించడం సారు పని. నేను నింపేస్తే రేపు తేడా వచ్చినప్పుడు "నేనట్ల చెప్పలేదే" అంటారు.

"అంత వివరం ఎందుకయ్యా, అందరూ మనోళ్లే కదా" అన్నారు సారు. మెమో ఆఫీస్ కాపీ ఆయన ముందు పెట్టాను. కుర్చీ లాక్కుని కూర్చుని ఒక్కోదానికి జవాబు చెప్పారు. "అయిపోగానే ఇచ్చేయండి" అన్న ఒక్క ముక్క చివరికి ఇట్లా తయారైంది:

5. మ. 12:45కు బెల్లు కొట్టాక ఇన్విజిలేటర్ పిల్లలను కూర్చోబెట్టే ఉంచి, రోల్ నంబర్ల వరుసలో జవాబు పత్రాలు తీసుకోవాలి.
6. ఇన్విజిలేటర్ పత్రాలు లెక్కపెట్టి, హాజరు పట్టికలో ఆ రోజు హాజరైనవారి సంఖ్యతో సరిచూడాలి. సరిపోయాకే పిల్లలను వదలాలి.
7. లెక్క తేడా ఉంటే ఇన్విజిలేటర్ గది విడిచి రాకూడదు, పిల్లలను వదలకూడదు. రిలీవర్ ద్వారా పరీక్షల ఇన్‌చార్జిని పిలిపించాలి.
8. ఇన్విజిలేటర్ కట్టను 1:00 గంటలోగా ఇన్‌చార్జి చేతికే ఇవ్వాలి. ఇన్‌చార్జి అక్కడే లెక్కపెట్టి, రిజిస్టరులో సంఖ్య వేసి, తాను సంతకం చేయాలి. ఇన్‌చార్జి లేకపోతే ప్రిన్సిపాల్ తీసుకుంటారు. టేబుల్ మీద పెట్టి వెళ్లకూడదు.

ఒక్కో నంబరుకు ఒక పని, దాన్ని చేసే మనిషి. నంబర్ల వరస అంటే ఆ రోజు గడియారం వరసే. ఎందుకంటే టీచర్ దీన్ని ముందురోజు కంఠస్థం చేయరు, గదిలో నిలబడి వేలు పెట్టి చూసుకుంటారు. వీటిలో ప్రాణం ఆరో నంబరు. పిల్లలు గదిలో ఉండగా తేడా దొరికితే, సంచిలో పెట్టుకున్న పేపరో, పక్కోడి పేపరులో దూరిన పేపరో ఐదు నిమిషాల్లో బయటపడుతుంది. వాళ్లు గేటు దాటాక ఎంత వెతికినా మిగిలేది అనుమానమే. అడిషనల్ షీట్లు దారంతో కట్టి ఉంటాయి గనుక లెక్కపెట్టాల్సింది కాగితాలు కాదు, పిల్లలు. ఈ మాట అడిగితే తప్ప సారుకు గుర్తు రాలేదు. ఆరో నంబరు కిందనే చేర్చాం.

టైపు అయ్యాక కొత్తగా చేరిన డ్రిల్లు సారుకిచ్చి చదవమన్నాను. ఆయన మీటింగులో లేడు, మా అలవాట్లు తెలియవు. "పన్నెండూ నలభై ఐదుకు మీరేం చేస్తారు సార్?" అని అడిగాను. కాగితం చూసి చెప్పగలిగాడు. రిలీవర్‌ను ఎట్ల పిలవాలని ఎదురు అడిగాడు. నిజమే, గది వదలొద్దంటిమి, ఫోన్లు వద్దంటిమి. రిలీవర్ ప్రతి పదిహేను నిమిషాలకు అన్ని గదుల ముందు తిరగాలని ఇంకో నంబరు వేశాం.

"ఎవరో ఒకరు" పోయి డ్యూటీ చార్టు వచ్చింది. ఆరు రోజులకు పేపర్లు తీసుకెళ్లే పేర్లు ఆరు. హిందీ టీచర్ పేరు ఒక్కరోజే. ఇరవై ఏళ్ల సర్వీసున్న నాకు కట్టలు మోసే పనా అని సోషల్ మేడం రెండు రోజులు నాతో మాట్లాడలేదు. అయినా సర్క్యులర్ బుక్కులో తన పేరు ఎదురుగా సంతకం పెట్టింది. గ్రూపులో బొటనవేలు చూపడం వేరు, ఇది వేరు.

ఇక ఫీజు బాకీ ముక్క. "కొంచెం చూసుకోండి" అంటే మా బడిలో అందరికీ అర్థం తెలుసు. పేర్లు పైకి చదివి, మొదటి అరగంట వరండాలో నిలబెట్టడం. నిలబడేది ఎక్కువగా మా వాడల పిల్లలే. నేను వాదించలేదు. మిగతా వాటికి అడిగినట్టే అడిగాను: "సార్, పదమూడో నంబరు. బాకీ ఉన్న పిల్లలను, ఎవరు, ఎన్ని గంటలకు, ఏం చేయాలి? చెప్పండి, రాస్తాను." పిల్లలను కొట్టడాన్నీ మానసికంగా వేధించడాన్నీ 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధిస్తుందన్నది ఆయనకూ తెలుసు, బీఈడీ చదివిన మనిషి. పెన్ను మూత పెట్టి, "అది వదిలేయ్" అన్నారు. సర్క్యులర్ పన్నెండుతో ఆగింది.

కాగితం మీద ఆగింది గానీ నోట ఆగలేదు. మొదటి రోజు పొద్దున్నే ఇద్దరు క్లాస్ టీచర్లకు ఆఫీసు నుంచి ఫోన్లు పోయాయి. ఒకాయన ఎప్పట్లాగే ఏడుగురిని బయట నిలబెట్టాడు. ఎనిమిదో తరగతిలో ఆ రోజు ఇన్విజిలేటర్ హిందీ టీచర్. క్లాస్ టీచర్ తలుపు దగ్గరికి వచ్చి పేర్లు చదవబోతే, ఆమె సర్క్యులర్ తీసి, "ఇది ఏ నంబరు సార్?" అని అడిగిందట. ఆ గదిలో 34 మందీ పదికే మొదలుపెట్టారు.