నా చేతిలో ఇంతే

తెనాలిలో మాది చీరల కొట్టు. పరుపుల మీద కూర్చోబెట్టి, మడతలు విప్పి చూపించే పాత పద్ధతి. ఇలాంటి కొట్లో బేరం లేకుండా కుదరదు. ‘ఫిక్స్‌డ్ రేట్’ బోర్డు పెట్టుకున్న వాళ్లున్నారు, నడుస్తోంది కూడా. కానీ మా దగ్గరకు పల్లెల నుంచి వచ్చే ఆడవాళ్లకు, ఒక్క రూపాయి కూడా తగ్గని చీర కొనడం అంటే ఏదో వెలితి. అందుకే బోర్డు పెట్టలేదు. దాని బదులు సేల్స్ వాళ్ల కోసం గల్లా పెట్టె వెనుక గోడకు ఒక కాగితం అంటించాను. అందులో ఉన్నది ఇంతే:

“తెల్ల ట్యాగు: అడిగితే 5 శాతం వరకు మీరే తగ్గించవచ్చు. చిల్లర వదిలేయడం కూడా ఆ 5 లోపలే.
పచ్చ ట్యాగు: తగ్గింపు లేదు.
ఎర్ర ట్యాగు: 20 శాతం వరకు.
ఒకే బిల్లులో 10 చీరలు దాటితే నన్ను అడగండి.
వాళ్లు అడగకముందే తగ్గించవద్దు. తగ్గించినది బిల్లులో కనిపించాలి.
ఈ హద్దులో ఇచ్చినదానికి నాకు సంజాయిషీ చెప్పనక్కర్లేదు.
ఇది దసరా వరకు.”

కాగితం చిన్నదే. ఆ 5 అనే అంకె దగ్గరే చాలాసేపు ఆగాల్సి వచ్చింది.

ట్యాగు మీద 2,100 ఉన్న చీర తీసుకోండి. అందులో 100 రూపాయలు జీఎస్టీ, చీరల మీద 5 శాతం. అది ప్రభుత్వానిది, నాది కాదు. నా అమ్మకం 2,000. కొన్నది 1,400కు. కొనేటప్పుడు కట్టిన పన్ను మళ్లీ లెక్కలో సర్దుబాటు అవుతుంది కాబట్టి దాన్ని పక్కన పెడదాం. మిగిలేది 600. కొట్టు అద్దె, జీతాలు, కరెంటు, సంచులు, రవాణా అన్నీ కలిపితే నాకు అమ్మకంలో వందకు 15 రూపాయలు అవుతాయి. అంటే ఈ చీర మీద 300. చివరికి ఇంటికి వెళ్లేది 300.

ఇప్పుడు 10 శాతం తగ్గించామనుకోండి. బిల్లు 1,890. పన్ను పోను 1,800. మిగులు 600 నుంచి 400కు దిగింది. ఖర్చు మాత్రం ఎప్పటిలాగే 300. ఇంటికి వెళ్లేది 100. కొన్నావిడకు తగ్గింది పదో వంతు, నాకు తగ్గింది మూడింట రెండు వంతులు. అంతటితో అయిపోదు. “ఆ తొంభై ఏంటి బాబూ, పద్దెనిమిది వందలు చేసెయ్” అంటుంది ఆవిడ. సేల్స్ కుర్రాడికి అది చిల్లర వదిలేయడమే. కానీ 1,800లో పన్ను తీస్తే నాకొచ్చేది సుమారు 1,714. కొన్న ధర, ఖర్చు పోను మిగిలేది 14 రూపాయలు. మిగిలిన వందలో దాదాపు అంతా ఆ ‘చిల్లర’లోనే కొట్టుకుపోయింది. చిల్లర సంగతి కాగితంలో విడిగా రాసింది ఇందుకే. శాతం గుర్తుపెట్టుకున్న మనిషి కూడా చిల్లరను శాతంలో కలిపి చూడడు.

దీనికి మా పెద్ద సేల్స్‌మన్ దగ్గర ఒక జవాబు ఉంది. “అద్దె ఎలాగూ కట్టాలి కదండీ, చీర అమ్మకపోతే మూడొందలు కాదు, ఆరొందలూ పోతాయి. రెండొందలు తగ్గిస్తే ఏం?” అంటాడు. ఒక్క చీర వరకు చూస్తే ఆయన మాట నిజమే. గుమ్మం దాటి వెళ్లిపోతున్న మనిషిని 10 శాతంతో ఆపితే 400 వస్తాయి, ఆపకపోతే సున్నా. చిక్కల్లా, ఎవరు నిజంగా వెళ్లిపోతారో, ఎవరు చెప్పు తొడుక్కుంటూ మన మొహం చూస్తున్నారో ముందే తెలియకపోవడంలో ఉంది. తగ్గింపు ఇద్దరికీ వెళ్తుంది.

అందుకని అంకెను అక్కడి నుంచే తీసుకున్నాను. బేరమాడే ముగ్గురికి 10 శాతం తగ్గిస్తే వచ్చేది మూడు నాలుగొందలు, 1,200. ఎవరికీ తగ్గించకపోతే, వాళ్లలో ఒకరు వెళ్లిపోయినా, రెండు ఆరొందలు, అదీ 1,200. అంటే తగ్గించని కారణంగా ప్రతి ముగ్గురిలో ఒకరికంటే ఎక్కువమంది వెళ్లిపోతేనే 10 శాతం గిట్టుబాటు. 5 శాతం అయితే మిగులు 500. ఆరుగురిలో ఒకరు వెళ్లిపోయే చోట అది సరిసమానం. మా గుమ్మం దగ్గర బేరమాడిన వాళ్లలో ఏమీ తగ్గకపోతే లేచిపోయేవాళ్లు ఆరుగురిలో ఒకరికంటే ఎక్కువే ఉంటారు, ముగ్గురిలో ఒకరంత మాత్రం ఉండరు. ఇది కొట్లో కూర్చుని చూసిన అంచనా. వేరే ఊళ్లో, ఎదురుగా ఇంకో నాలుగు కొట్లున్న వీధిలో ఈ అంచనా మారుతుంది, దానితో అంకె కూడా మారాలి. అంకె కాదు, లెక్కే తీసుకెళ్లాలి.

ట్యాగుకు రంగులెందుకంటే అన్ని చీరల్లో మిగులు ఒకేలా ఉండదు. మంగళగిరి నేత చీర 2,000కు అమ్మితే నాకు మిగిలేది 300 ఉండొచ్చు, మొత్తం ఖర్చులకే సరిపోతుంది. దాని మీద 5 శాతం కూడా నష్టమే. అయినా అది ఉంచుతాను. అది చూడ్డానికి వచ్చినవాళ్లు ఇంకో రెండు కొంటారు. దానికి పచ్చ ట్యాగు. ఎర్రది ఏడాది దాటినా కదలని సరుకు. 1,400 పెట్టి కొన్న చీర ఏడాది అల్మారాలో ఉంటే, నూటికి రూపాయి వడ్డీ చొప్పున 168 రూపాయలు దాని మీద కూర్చుంటాయి. మడతల దగ్గర రంగు వెలవడం వేరే. 20 శాతం తగ్గిస్తే పన్ను పోను 1,600 వస్తుంది. అసలు 1,400, వడ్డీ 168 పోతే 32. ఖర్చులకు రాదు. కానీ ఆ డబ్బు మళ్లీ శ్రావణమాసం సరుకుగా మారుతుంది. కొన్న ధర సేల్స్ వాళ్లకు చెప్పకుండానే ఇదంతా రంగులతో నడుస్తుంది. కొన్న ధర తెలిసిన మనిషికి బేరంలో పట్టు సడలుతుంది, “ఇంకా ఉంది కదా” అనిపిస్తుంది.

హద్దు ఇస్తే వచ్చే మొదటి తేడా, ఆ హద్దే ధర అయిపోవడం. అడగ్గానే సరాసరి 5 శాతానికి దిగిపోతారు. తప్పు పట్టలేం. మా దగ్గర అమ్మకం మీద వందకు రూపాయి కమిషన్. 2,100 చీర మీద 5 శాతం వదిలితే నాకు 100 పోతుంది, అతనికి పోయేది రూపాయి పైన ఐదు పైసలు. ఆ రూపాయి కోసం పది నిమిషాలు బేరమాడడం కంటే ఇంకో చీర విప్పడం మేలనుకుంటాడు, అతని లెక్కలో అదే సరైనది. కనిపెట్టడం తేలిక. వారం బిల్లులు ముందేసుకుని తగ్గింపు గడి మాత్రం చూడాలి. సున్నా, 2, 3, 5 అని చెదిరి ఉంటే బేరం జరిగినట్టు. అన్నీ 5 దగ్గరే గుంపు కట్టి ఉంటే ట్యాగు ధర చచ్చిపోయినట్టు. తెల్ల ట్యాగులో వదలకుండా మిగిల్చిన తగ్గింపులో పదో వంతు వాళ్లకే ఇస్తున్నాను. ఈ చీర మీద పూర్తిగా మిగిలిస్తే పది రూపాయల యాభై పైసలు. ఇంతకంటే పెంచను. పెంచితే బేరం మానేసి మొహం చిట్లిస్తారు, మనిషి వెళ్లిపోతుంది, అది బిల్లుల్లో కనిపించదు.

రెండోది కాస్త ఇబ్బందికరమైనది. పూర్తి ధర నగదుగా తీసుకుని, మనిషి వెళ్లాక బిల్లులో తగ్గింపు వేసి, తేడా జేబులో వేసుకోవడం. హద్దులోనే ఉంటుంది కాబట్టి అనుమానం రాదు. అయితే ఫోన్‌పే, గూగుల్‌పే చెల్లింపుల్లో ఇది కుదరదు, వచ్చిన మొత్తం బ్యాంకులో ఉంటుంది. కాబట్టి నగదు బిల్లుల సగటు తగ్గింపును, యూపీఐ బిల్లుల సగటుతో పోల్చాలి. కాస్త తేడా సహజమే, నోట్లు లెక్కపెట్టేటప్పుడే చిల్లర గొడవ ఎక్కువ. నగదులో మరీ రెట్టింపు ఉంటే అడగాలి. “తగ్గించినది బిల్లులో కనిపించాలి” అన్న మాటకు సగం అర్థం ఇది. చీరతోపాటే బిల్లు కొన్నవాళ్ల చేతిలో పడితే ఆ దారి మూసుకుపోతుంది. మిగతా సగం పన్నుది. అమ్మేటప్పుడే బిల్లులో చూపిన తగ్గింపు మీద జీఎస్టీ పడదు. 2,100 అని బిల్లు కొట్టి 1,995 తీసుకుంటే, రాని డబ్బు మీద కూడా నేను పన్ను కట్టాలి.

మూడోది నన్ను కట్టేసేది. హద్దు ఉన్న సేల్స్‌మన్‌కు ఒక మంచి మాట దొరుకుతుంది: “అమ్మా, నా చేతిలో ఇంతేనండి.” అది నిజం కాబట్టి మొహంలో తొట్రుపాటు ఉండదు, చాలా బేరాలు అక్కడే ముగుస్తాయి. ఆవిడ లేచి గల్లా దగ్గరికొచ్చి “మీ తాతగారి నాటి నుంచి వస్తున్నాం” అంటే, నేను మొహమాటపడి ఇంకో 100 వదిలితే, ఆ మాటకు ఇక విలువ లేదు. మళ్లీసారి ఆవిడ సరాసరి నా దగ్గరకే వస్తుంది, పక్కింటావిడకూ చెప్తుంది. అందుకే నన్ను అడిగినప్పుడు నేను ఇచ్చేది పట్టుదలకు కాదు, పరిమాణానికి. పెళ్లికి పెట్టుబడి చీరలు ఇరవై తీసుకుంటే తగ్గిస్తాను, ఒక్క కూర్చోబెట్టడంలో ఇరవై అమ్ముడవుతాయి. ఒక్క చీరకైతే సేల్స్‌మన్ చెప్పిందే చెప్తాను, మంచినీళ్లు తెప్పిస్తాను. బోణీ బేరానికీ అంతే. పొద్దున్నే వచ్చినావిడను ఖాళీ చేతులతో పంపకూడదని మా అమ్మ అనేది. పంపం, 5 శాతం లోపలే పంపం.

బేరమాడడం రాని వాళ్ల సంగతి నాకు ఇంకా తెగలేదు. “అడగకముందే తగ్గించవద్దు” అని రాశాను కాబట్టి నోరున్న మనిషికి 1,995, లేని మనిషికి 2,100. నెమ్మదస్తులైన పాత ఖాతాదారులకు సంక్రాంతికి ఒక జాకెట్ ముక్క ఇవ్వడం మొదలుపెట్టాను. ఖర్చు తక్కువే, న్యాయం కూడా తక్కువే.

కాగితం చివర గడువు రాయడానికి కారణం ఆషాఢం. ఆ నెలంతా ఊళ్లో ప్రతి కొట్టూ తగ్గింపు బోర్డు కడుతుంది, మేమూ కడతాం. బోర్డు మీద 10 ఉండి, గోడ మీద 5 కూడా అలాగే ఉంటే రెండూ కలుస్తాయి. 2,100 చీర 1,890 అయి, దాని మీద మళ్లీ 5 పోయి 1,795కు దిగుతుంది, పైన చూసిన 14 రూపాయలకంటే కిందికి. అందుకే ఆషాఢం ముందురోజు పాత కాగితం తీసేసి, “బోర్డు మీదున్నదే, పైన ఏమీ లేదు” అని రాసిన కాగితం పెడతాను. శ్రావణం మొదటి రోజున అది తీసి, రంగుల కాగితాన్ని మళ్లీ దసరా వరకు అంటిస్తాను.